ఆషాఢంలో కోత, శ్రావణంలో విడుదల: 31 గంటల మగ్గం ఫుటేజీతో నాలుగు వీడియోలు

జూన్ 29, ఆదివారం

మాది నల్లగొండలో పెళ్లి వీడియోల స్టూడియో. నేను, మా తమ్ముడు ఇద్దరమే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఏటా ఈ నెల ఖాళీగా గడిచేది. ఈసారి ఆ ఖాళీకి ముందే పని పెట్టుకున్నాం. ఐదు నెలలుగా పుట్టపాక దిక్కు ఒక నేత కుటుంబం ఇంటికి వీలున్నప్పుడల్లా వెళ్లి చిత్రీకరించిన ఫుటేజీ 31 గంటలు పేరుకుంది. 2020లో జీఐ గుర్తింపు వచ్చిన తేలియా రుమాలుకు పేరున్న ప్రాంతం అది. ఈ కుటుంబం నేసేది తెలుపు, ఎరుపు, నలుపు మూడు రంగుల నూలు దుప్పట్టా. పడుగు అనే నిలువు దారాల్లోనూ పేక అనే అడ్డదారాల్లోనూ ముందే కట్టి రంగులద్దే చిటికి ఉన్న డబుల్ ఇకత్.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఈ ఏడాది గురువారం పడింది. ఆ రోజు మొదటి వీడియో, తర్వాత 14, 21, 28 తేదీల్లో మిగిలిన మూడు. ఒక్కోటి 11 నిమిషాలు. తేదీలు గోడమీద రాసేశాం.

ముందు గంటల లెక్క వేశాను. మొత్తం ఫుటేజీ చూసి రాసుకోవడానికి 30 గంటలు. మాటలున్నవి ఆగి ఆగి వినాలి, మగ్గం నడిచేవి రెట్టింపు వేగంలో చూడొచ్చు. ఒక్కో వీడియోకి ముతక కూర్పు 12 గంటలు, సానబట్టడం 8, సౌండు 4, రంగు 3, టైటిళ్లు, కింది అక్షరాలు 3. అంటే ఒక్కోటి 30, నాలుగింటికి 120. చూడటంతో కలిపి 150 గంటలు. ఈ రోజు నుంచి జూలై 24 అమావాస్య దాకా 26 రోజులు, రోజుకి ఆరు గంటలు కూర్చుంటే 156. కాగితం మీద సరిపోయింది కానీ చేతిలో మిగిలేది ఆరు గంటలే. ఒక్క రోజు కరెంటు పోయినా చెల్లిపోతుంది.

అందుకే పనిని రెండుగా కోశాను. చూడటం, ముతక కూర్పు, సానబట్టడం నాలుగింటికీ ఆషాఢంలోనే అయిపోవాలి. అవి 110 గంటలు. సౌండు, రంగు, అక్షరాలు వారానికి పది గంటల చొప్పున శ్రావణంలో పెళ్లిళ్ల మధ్య చేసుకోవచ్చు. అట్లయితే ఆషాఢంలో 46 గంటలు మిగులుతాయి. తమ్ముడు మొదటి వీడియో పూర్తిచేసి రెండోది మొదలుపెడదామన్నాడు. పెళ్లి పనుల్లో మేం అట్లే చేస్తాం. కానీ పెళ్లి ఫుటేజీ ఒక సినిమాకే. ఇక్కడ నాలుగూ ఒకే కుప్పలోంచి తీసుకోవాలి. మొదటిది తినేసిన షాటు నాలుగోదానికి ఉండదు. నాలుగింటినీ పక్కపక్కనే నడపాలని నిర్ణయం.

జూలై 3

కెమెరా ఫుటేజీ 22 గంటలు, సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన గంటకి 45 జీబీ. ఫోనుతో తీసింది తొమ్మిది గంటలు. రెండూ కలిపి ఒక టీబీకి కాస్త ఎక్కువ. రెండు డిస్కుల్లో రెండు కాపీలు పెట్టాం, రెండోది మా ఇంట్లో, స్టూడియోలో కాదు. రిజాల్వ్‌లో ఎడిటింగ్ కోసం ప్రాక్సీలు అనే చిన్న సైజు కాపీలు రాత్రుళ్లు తయారవుతున్నాయి.

ఇబ్బంది ఫోను ఫైళ్లలో వచ్చింది. ఇంటి పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడిన క్లిప్పు మొదట్లో పెదాలకు మాట కలిసే ఉంది, చివరికి వచ్చేసరికి దాదాపు అర సెకను తప్పింది. కెమెరా సెకనుకి 25 ఫ్రేములు కచ్చితంగా తీస్తుంది. ఫోను 30 అని చెప్పినా వెలుతురు తగ్గితే లోలోపల ఫ్రేములు తగ్గిస్తూ పెంచుతూ పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సమంగా అనుకుని పరిచేసరికి శబ్దం, బొమ్మ విడిపోతాయి. క్లిప్పు మొదలు ఒకసారి, చివర ఒకసారి చూస్తే ఈ జబ్బు బయటపడుతుంది. మొదటి నిమిషం మాత్రమే చూస్తే దొరకదు. మందు ఇది:

```
ffmpeg -i phone.mp4 -vf fps=25 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le phone_25.mov
```

మాటలున్న క్లిప్పులకు ఇది బాగా పనిచేసింది. పేక దారాన్ని మోస్తూ నాడె అటూ ఇటూ పరుగెత్తే షాట్లకు కాదు. 30ని 25 చేసేటప్పుడు కొన్ని ఫ్రేములు రాలిపోతాయి, నాడె మధ్యలో ఎగిరినట్టు కనిపిస్తుంది. అందుకే కదలిక ఉన్న షాట్లు కెమెరావే వాడాలని రాసుకున్నాం.

ఇంకొకటి. ట్యూబులైటు కింద ఫోను తీసిన కొన్ని షాట్లలో తెల్లగోడ మీద సన్నటి చారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఈ చారలు రావు, ఫోను దానంతట అదే 1/60కో మరోదానికో వెళ్లిపోయింది. తీసేటప్పుడు చిన్న తెరమీద కనిపించలేదు. ఇప్పుడు పూర్తిగా పోగొట్టడం కుదరదు. ఆ షాట్లకు పసుపు గుర్తు పెట్టాం. వేరే దారి లేనప్పుడు రెండు సెకన్లు, అంతే.

జూలై 8

చూడటం అయిపోయింది, 33 గంటలు పట్టింది. గంటల వారీగా మగ్గం 13, చిటికి కట్టుడు 6, మాటలు 5, ఆసు 3, అద్దకం 1, ఊరు, ఇల్లు, దారి 3. ఆసు అంటే కట్టుడుకి ముందు పేక నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ పోయడం.

ఇక్కడే ప్లాన్ తిరగబడింది. నేను ముందు అనుకున్న నాలుగు వీడియోలు పని జరిగే వరుసలోనివి: ఆసు, కట్టుడు, అద్దకం, మగ్గం. గుడ్డ పుట్టే దారి అదే కదా అనుకున్నా. కానీ గంటలు ఎన్ని ఉన్నాయన్నది అసలు ప్రశ్న కాదు, వాడదగిన షాట్లు ఎన్ని అన్నదే. 11 నిమిషాల వీడియోలో మనిషి ముఖం చూపిస్తూ మాట్లాడేది నాలుగు నిమిషాలు. మిగిలిన ఏడు నిమిషాలు, అంటే 420 సెకన్లు, చేతులు, నూలు, పని చూపించాలి. మా అలవాటులో షాటు సగటున ఆరు సెకన్లు ఉంటుంది. అంటే వీడియోకి 70 షాట్లు కావాలి. అటూ ఇటూ ఊగినవి, మసకవి, ఒకేలా ఉన్నవి తీసేశాక ఆసుకి 95 నిలిచాయి. కట్టుడుకి 140, మగ్గానికి 300 పైన. అద్దకానికి 24.

24 షాట్లంటే రెండున్నర నిమిషాలు కూడా కాదు. అద్దకం ఒక్క పూటే తీశాం, ఆ పూట కూడా సగం పొగలోనే పోయింది. మళ్లీ తీద్దామని ఫోన్ చేస్తే ఆ ఇంటి అక్క చెప్పింది, ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు నేయడం అయిపోయి తెగితేనే మళ్లీ అద్దకం, అది సెప్టెంబర్ మాట. ఉన్న 24ని సాగదీసి నెమ్మదిగా నడిపిస్తే చూసేవాళ్లకి రంగు ఎట్లా ఎక్కిందో అర్థం కాదు, ఆవిరి మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి అద్దకాన్ని కట్టుడులో కలిపేశాం. నిజానికి అవి విడదీయరాని పనులే. కట్టడం, అద్దడం, మళ్లీ కట్టడం, మళ్లీ అద్దడం.

ఖాళీ అయిన చోటుకి ఏం పెట్టాలన్నది మాటల ఫుటేజీ చెప్పింది. ఐదు గంటల్లో గంటకు పైగా వాళ్లు మాట్లాడింది కూలి గురించి, నూలు ధర గురించి, అచ్చు వేసిన నకళ్ల గురించి. మేం అడగకుండానే మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చారు. దాన్ని మొదట విడి వీడియోగా ఎందుకు అనుకోలేదో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు. కొత్త వరుస: ఆసు, కట్టుడు-అద్దకం, మగ్గం, కూలి-అమ్మకం.

జూలై 13

ముతక కూర్పులు నాలుగూ ఏకకాలంలో నడుస్తున్నాయి. తమ్ముడు ఒకటి, రెండు. నేను మూడు, నాలుగు. ఒక పెద్ద నోటుబుక్కులో షాట్ల పద్దు పెట్టాం. ప్రతి మంచి షాటుకి ఒక వరుస, అది ఏ వీడియోకి పోయిందో ఒక అంకె. ఊరి దారి, ఇంటి గుమ్మం లాంటి ఏడెనిమిది షాట్లు తప్ప ఏదీ రెండు చోట్ల వాడకూడదు. వారం వారం చూసేవాళ్లు అదే చెయ్యి అదే ముడి వేయడం రెండోసారి చూస్తే వెంటనే గుర్తుపడతారు.

గొడవంతా ఒక షాటు దగ్గరే. పడుగు మీది చుక్కా పేక మీది చుక్కా ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుని పువ్వు తేలే 22 సెకన్ల షాటు ఉంది. పేక దాటించాక అక్క వేలితో దారాన్ని వెంట్రుకవాసి జరిపి, అప్పుడు పేకను బిగించే దెబ్బ వేస్తుంది. డబుల్ ఇకత్ అంటే ఏమిటో మాటల్లేకుండా చెప్పే షాటు అది. తమ్ముడికి అది మొదటి వీడియో మొదట్లో కావాలి. నాకు మగ్గం వీడియోలో కావాలి. చివరికి మొదట్లో మూడు సెకన్లు, దెబ్బ పడకముందే కోసేసి. పూర్తి షాటు మగ్గానికే.

మగ్గం శబ్దం మీద రెండు రోజులు పోయాయి, పోవాల్సిందే. గుంట మగ్గం పక్కనే కూర్చుని మాట్లాడినప్పుడు వెనక నాడె, దెబ్బ ఒక తాళంలో పడుతూ ఉంటాయి. మాట మధ్యలో అనవసరమైన వాక్యం తీసేస్తే మాట అతుకుతుంది గానీ తాళం తప్పుతుంది. చూసేవాళ్లకి ఏం జరిగిందో తెలియకపోయినా చెవికి తట్టుకుంటుంది. మొదట మగ్గం శబ్దం తగ్గించే ఫిల్టర్ వేసి చూశాం, గొంతు డబ్బాలో నుంచి వచ్చినట్టయింది. చివరికి పట్టుకున్న పద్ధతి ఏమిటంటే, కోత ఎప్పుడూ దెబ్బ పడిన చోటే మొదలై మరో దెబ్బ దగ్గరే ముగియాలి, అంటే పూర్తి దెబ్బల లెక్కనే తీసేయాలి. అప్పుడు తాళం నిలుస్తుంది. అట్లా కుదరని చోట వేరే రోజు రికార్డు చేసిన మగ్గం శబ్దాన్ని కింద పొడుగ్గా పరిచాం. దానికోసమే ఎవరూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు మగ్గం ఒక్కదాన్నే రికార్డు చేసి పెట్టడం ఎంత మంచిదైందో.

జూలై 19, శనివారం

నాలుగు ముతక కూర్పులూ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చౌటుప్పల్ మీదుగా ఊరికి వెళ్లాం. ఇంట్లో అందరూ చాప మీద కూర్చుని చూశారు. నేను వాళ్ల ముఖాలే చూస్తూ రాసుకున్నా.

రెండో వీడియో ఐదో నిమిషంలో అక్క ఆపమంది.

“గిట్ల కాదు తమ్మీ. తెల్లగ ఉండాల్సిన జాగ ముందుగాల కడ్తం. ఎరుపుల ముంచుతం. ఆరినంక ఎర్రగ ఉండాల్సింది మళ్ల కట్టాలె, గప్పుడు నలుపు. నువ్వు రెండోసారి కట్టకముందే నల్లరంగుల ఏసినవ్. గట్లయితె ఎరుపు ఏడుంటది?”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రెండు కట్టుళ్లలోనూ సైకిల్ ట్యూబు రబ్బరు పేలికలే, చేతులూ అవే. తేడా నూలు రంగులోనే ఉంది: మొదటిసారి కట్టేటప్పుడు నూలు తెలుపు, రెండోసారి ఎరుపు. మేం చేతుల కదలిక చూసి కూర్చాం, నూలు రంగు చూడలేదు. పైగా నల్లరంగు కుండలో ముంచే ఆ షాటునే మొదటి వీడియో చివర ‘వచ్చే వారం’ ముక్కలో కూడా తప్పు వరుసలో పెట్టాం. మొదటిది విడుదల చేసేసి రెండోది మొదలుపెట్టి ఉంటే ఈ తప్పు ఆగస్టు 7న ఊరందరి ముందుకీ వెళ్లిపోయేది.

పెద్దాయన రెండు మాటలు అడిగాడు. షావుకారి దగ్గర బాకీ ఎంతో తాను చెప్పిన అంకె తీసేయమన్నాడు. తీసేశాం, దాని గురించి చర్చే లేదు. రెండోది పెద్దది. మగ్గం మీదున్న డిజైను కొత్తది. అమ్ముడుపోకముందే వీడియోలో కనిపిస్తే నెల తిరక్కుండానే అచ్చుగుడ్డ మీద అదే డిజైను వస్తుందని ఆయన భయం. ఇంతకుముందు ఒకసారి వాళ్లకి అట్లే జరిగిందట. మగ్గం ఫుటేజీ 13 గంటల్లో ఐదు గంటలు ఆ డిజైనే, నేను ప్రాణంగా పెట్టుకున్న 22 సెకన్లు కూడా అదే.

ఆ దుప్పట్టాలు ఎప్పటికి పోతాయని అడిగితే ఆగస్టు 20 ప్రాంతానికి అన్నాడు. మగ్గం వీడియో 21న ఉంది. ఒక్క రోజు తేడా మీద ఇంకొకరి బతుకు పెట్టడం నాకు ఇష్టం లేదు. మూడు, నాలుగు తారుమారు చేశాం: 21న కూలి-అమ్మకం, 28న మగ్గం. కూలి వీడియోలో మగ్గాన్ని పాత డిజైను షాట్లతో నలభై సెకన్లు పరిచయం చేస్తే అర్థమవుతుంది. మొదటి వీడియోలోని మూడు సెకన్లు కూడా తీసేశాం. ఆ స్థానంలో ఆసు మీద చెయ్యి వెళ్తున్న షాటు వచ్చింది. ఆసు వీడియో ఆసుతో మొదలవడమే సబబు అనిపించింది తమ్ముడికి కూడా.

జూలై 24, అమావాస్య

నాలుగింటికీ తాళం వేశాం. మా భాషలో తాళం అంటే ఇక షాట్లు జరగవు, సౌండు, రంగు మాత్రమే మారతాయి. మిగిలిన 46 గంటల్లో ఫోను ఫైళ్లకి ఆరు, చూడటంలో అదనంగా మూడు, మగ్గం తాళానికి పదకొండు, ఊరు వెళ్లి రావడానికి, ఆ తర్వాత మార్పులకి పద్దెనిమిది పోయాయి. ఎనిమిది గంటలు మిగిలాయి. ముందే ఖాళీ ఉంచకపోతే ఊరికి వెళ్లే రోజునే మొదట రద్దు చేసుకునేవాళ్లం.

ఆసు వీడియోలో చేతితో ఆసు పోసే పెద్దమ్మ తర్వాత ఆసు యంత్రం కూడా వస్తుంది. చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూసి తయారుచేసిన యంత్రం అది, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. దీన్ని కోయకుండా నిమిషంన్నర ఉంచాను. ఒక దుప్పట్టాకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలన్నది మాటల్లో చెబితే దాటిపోతుంది. పెద్దమ్మ చేతిని కోత లేకుండా నలభై సెకన్లు చూపించి, వెంటనే యంత్రాన్ని చూపిస్తే మాట అక్కర్లేదు.

ఆగస్టు 2

శ్రావణం పెళ్లిళ్లు మొదలయ్యాయి. పగలు మండపం, రాత్రి రంగు. అద్దకం గది గోడలు ఆకుపచ్చ. ఆ పచ్చ నూలు మీద పడి ఎరుపు కాస్త గోధుమలా కనిపిస్తోంది. ఊరి నుంచి తెచ్చిన గుడ్డముక్కని పగటి వెలుగులో పట్టుకుని, తెరమీద ఎరుపు దానికి దగ్గరయ్యేదాకా సరిచేశాం. గోడ రంగు మారింది, పర్వాలేదు. ఎరుపు మారకూడదు.

ఆగస్టు 5, మంగళవారం

విడుదలకి రెండు రోజుల ముందే యూట్యూబ్‌లో ఎక్కించి, గురువారం సాయంత్రం ఏడుకి షెడ్యూలు పెట్టాలన్నది నియమం. 11 నిమిషాల ఫైలు ఒక జీబీ, మా లైనులో అరగంట. ఎక్కాక వచ్చే కాపీరైటు తనిఖీలో ఆరో నిమిషం దగ్గర ఒక సినిమా పాటకి అభ్యంతరం వచ్చింది. మేం పాటే పెట్టలేదు. విని చూస్తే ఆసు దగ్గర పక్కగదిలో రేడియో మోగుతోంది, ఇన్ని సార్లు విన్నా మా చెవికి ఆనలేదు. ఆ పదిహేను సెకన్ల శబ్దం తీసేసి అదే గదిలో వేరే రోజు తీసిన శబ్దం పరిచి మళ్లీ ఎక్కించాం. ఈసారి ఏమీ రాలేదు. రెండో వీడియోలో కట్టుడు గదిలోనూ రేడియో ఉందేమోనని ఈ రాత్రే హెడ్‌ఫోన్‌తో విన్నాం. రెండు చోట్ల ఉంది.

ఆగస్టు 7

ఏడింటికి వచ్చింది. అక్క ఫోన్ చేసి ఇంట్లోవాళ్లు రెండుసార్లు చూశారని చెప్పింది. ఆ వెంటనే అడిగింది, “మా కొత్త డిజైను రాలే గదా?” రాలేదు.

ఆగస్టు 19

రెండోది 14న వెళ్లింది. మూడోది ఈ రోజు ఎక్కింది. నాలుగోదానికి నా గొంతు రికార్డింగ్ ఈ వారమే అయిపోవాలి. 27న వినాయక చవితి, మా వీధి మొదట్లోనే మండపం వేస్తారు, 24 నుంచే డప్పులు, మైకులు పరీక్షిస్తుంటారు. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపి, దుప్పటి కప్పిన మూలలో కూర్చుని రెండు రాత్రులు చదివాను. మగ్గం ఫుటేజీ ఎక్కువున్న వీడియో కాబట్టి మాట తక్కువే, రెండు పేజీలు.

ఆగస్టు 25, సోమవారం

శుక్రవారం పెద్దాయన ఫోన్ వచ్చింది. కొత్త డిజైను దుప్పట్టాలు అన్నీ ఇచ్చేశారు. ఇక చూపించుకోవచ్చన్నాడు. ఆ 22 సెకన్లు తొమ్మిదో నిమిషంలో, నా గొంతు లేకుండా, మగ్గం శబ్దంతోనే ఉన్నాయి. చవితి హడావుడికి ముందే ఎక్కించేశాం, తనిఖీ శుభ్రంగా వచ్చింది. 28 సాయంత్రం ఏడుకి షెడ్యూలు అయింది.

పడుగు సెప్టెంబర్ రెండో వారంలో తెగుతుందట. అద్దకం రోజు రెండు రోజుల ముందే చెబుతానంది అక్క. ఈసారి తీయాల్సినవి చీటీ మీద రాసి కెమెరా బ్యాగు జేబులో పెట్టాను: మొదటి ముంపులో తెల్లనూలు రంగు పీల్చే క్షణం, పొగ రాకముందు కుండ, ఆరేసిన ఎర్రనూలు మీద రెండో కట్టుడు, రబ్బరు విప్పగానే లోపల మిగిలిన తెలుపు. షట్టర్ 1/50. ఫోను వద్దు.